పోయిన చోటే వెతుక్కుంటే...

పోయిన చోటే వెతుక్కోవాలంటారు పెద్దలు. ఆప్షన్ల ట్రేడింగ్‌లో ఈ సామెతను నమ్ముకుంటే మాత్రం జేబు ఖాళీ అయిపోతుంది.

ఓ ఉదాహరణ చూద్దాం. 2025 జులైలో ఓ గురువారం. నిఫ్టీ వారాంతపు ఆప్షన్లకు అప్పట్లో అదే గడువు రోజు. లక్ష రూపాయలతో రంగంలోకి దిగిన ఓ ఉద్యోగి, సూచీ పెరుగుతుందని ఒక కాల్ ఆప్షన్‌ను 80 రూపాయలకు కొన్నాడు. అప్పట్లో లాట్‌కు 75 యూనిట్లు. అంటే 6,000 రూపాయలు. ధర 50కి పడగానే అమ్మేశాడు. నష్టం 2,250. ఇక్కడితో ఆగితే చిన్న దెబ్బే.

అయిదు నిమిషాల్లోనే, ఈసారి సూచీ తగ్గుతుందని, రెండు లాట్ల పుట్ ఆప్షన్‌ను 70కి కొన్నాడు. 45కి అమ్మాల్సి వచ్చింది. మరో 3,750 పోయింది. మధ్యాహ్నం 'ఒక్క దెబ్బతో అంతా రాబట్టాలి' అనుకుని, సూచీకి చాలా దూరంగా ఉన్న చౌక ఆప్షన్‌ను 12 రూపాయలకు పది లాట్లు కొన్నాడు. సూచీ అంతదూరం వెళ్లలేదు. మూడున్నరకు దాని విలువ సున్నా. ఆ 9,000 కూడా కలిపితే, ఖర్చులు కాకుండానే రోజు నష్టం 15,000!

దీన్నే 'రివెంజ్ ట్రేడ్' అంటారు. మార్కెట్ మీద పగ తీర్చుకోవడమన్నమాట. లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువనీ, నష్టాల్లో ఉన్నప్పుడు మనిషి మరింత సాహసిస్తాడనీ కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. పైగా గడువు రోజున ఆప్షన్ ధర గంటగంటకూ కరిగిపోతుంది. మీ అంచనా నిజమైనా, ఆలస్యమైతే డబ్బు రాదు.

పగ మొదలైందని ఎలా తెలుస్తుంది? నష్టం వచ్చిన నిమిషాల్లోనే మళ్లీ కొంటున్నారా? లాట్లు పెరుగుతున్నాయా? చౌకగా ఉందని దూరపు ఆప్షన్ కొంటున్నారా? అయితే అదే!

దీనికి మూడు నియమాలు చాలు. మొదటిది, రోజు నష్టానికి హద్దు. లక్షకు రెండు శాతం, అంటే 2,000 అనుకోండి. 75 యూనిట్ల లాట్ అయితే ఆప్షన్ ధర 26 రూపాయలు తగ్గగానే బయటపడాలి. కొనేటప్పుడే స్టాప్‌లాస్ పెట్టేయండి. ధర ఒక్కసారిగా జారితే నష్టం ఇంకాస్త పెరగొచ్చు. రెండోది, హద్దు తాకాక ఆరోజుకి సెలవు. కొన్ని బ్రోకర్ల యాప్‌లలో 'కిల్ స్విచ్' ఉంటుంది, నొక్కేయండి. మూడోది, ఎందుకు కొంటున్నారో ముందే నోటు పుస్తకంలో రాయండి. 'పోయింది రాబట్టడానికి' అన్నది కారణం కాదు.

ఒక్క మాట. ఈ నియమాలు నష్టాన్ని అదుపులో ఉంచుతాయి తప్ప లాభం తెచ్చిపెట్టవు. 2021-22 నుంచి మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన ప్రతి 100 మంది వ్యక్తుల్లో 93 మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. పిల్లల ఫీజుల డబ్బు అటువైపు వెళ్లకపోవడమే అన్నిటికన్నా మంచి నియమం.