గ్రాంట్ రాలేదంటే సరిపోదు, తేదీ చెప్పండి



పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లలో చాలామందికి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్పే ఆధారం. ఏటా 750 మందికి ఇస్తారు. మొదటి రెండేళ్లు జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. కాగితం మీద నెలనెలా రావాలి. నిజంగా నెలనెలా వస్తుందా అంటే, తీసుకుంటున్నవాళ్లని అడగండి. నాలుగు నెలలకోసారి, ఆరు నెలలకోసారి అంటారు.

నాకు చెల్లి వరసయ్యే ఒక స్కాలర్ ఉంది. అల్లూరి జిల్లా నుంచి వచ్చి ఒక రాష్ట్ర యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. తనకి జూన్ నుంచి అక్టోబర్ దాకా అయిదు నెలలు పైసా పడలేదు. అంటే 1,85,000 రూపాయలు. మెస్ బకాయి పెరిగింది, ఫీల్డ్‌వర్క్ ఆగింది. నవంబర్‌లో "అయిదు నెలలుగా ఫెలోషిప్ రావడం లేదు, దయచేసి చర్య తీసుకోగలరు" అని అర్జీ ఇచ్చింది. సెక్షన్‌లో నోటిమాటగా చెప్పిన జవాబు: "పైనుంచి గ్రాంట్ రాలేదమ్మా."

ఈ జవాబు ఒక్కోసారి నిజమే. కేంద్రం దగ్గర ఆలస్యాలు లేవని నేను అనను. కానీ డబ్బు మన ఖాతాకి వచ్చే దారిలో యూనివర్సిటీకి కూడా ఒక పని ఉంది. స్కాలర్ ఆ నెల హాజరై పని చేస్తున్నాడని గైడ్, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పెట్టిన కాగితం సెక్షన్‌కి వెళ్తుంది. అక్కడ ఒకరు దాన్ని పోర్టల్‌లో ఎక్కిస్తారు, అతన్ని మేకర్ అంటారు. పై అధికారి తన లాగిన్‌తో ఆమోదిస్తాడు, అతను చెకర్. ఈ ఇద్దరిలో ఒక్కరు నొక్కకపోయినా ఆ నెల చెల్లింపుల జాబితాలో మన పేరు ఉండదు. బయటనుంచి చూస్తే మాత్రం రెండు ఆలస్యాలూ ఒకేలా కనిపిస్తాయి. ఖాతా ఖాళీ, అంతే.

తేడా కనిపెట్టే ఉపాయం ఉంది. మా చెల్లి ఇదే ఫెలోషిప్ తీసుకుంటున్న వేరే రెండు యూనివర్సిటీల స్నేహితులకు ఫోన్ చేసింది. వాళ్లకి ఆగస్టు దాకా పడింది. అందరికీ ఆగితే కేంద్రం దగ్గర ఆగినట్టు. మన క్యాంపస్ వాళ్లకే ఆగితే ఆఫీసులో ఆగినట్టు. మన ఒక్కరికే ఆగితే మన కాగితమో, బ్యాంకు ఖాతానో చూసుకోవాలి. ఆధార్‌తో ముడిపెట్టిన చెల్లింపు, ఆధార్‌కి చివరగా లింకైన ఖాతాకి పోతుంది. ఊళ్లో ఏదో పథకం కోసం కొత్త ఖాతా తెరిచి ఆధార్ లింక్ చేయించుకున్నవాళ్లు ముందు ఆ ఖాతా చూసుకోండి.

తన క్యాంపస్‌లో మిగతా ఇద్దరికి కూడా ఆగిందని తేలాక రెండో అర్జీ రాసింది. ఈసారి దయచేసి అన్న మాట లేదు. మూడే ప్రశ్నలు. జూన్ నుంచి అక్టోబర్ వరకు ఒక్కో నెలకి మేకర్ ఏ తేదీన ఎక్కించారు? చెకర్ ఏ తేదీన ఆమోదించారు? పైనుంచి వెనక్కి వచ్చి ఉంటే ఏ తేదీన, ఏ కారణంతో? ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకుని కాపీ దగ్గర పెట్టుకుంది.

పన్నెండు రోజులకి రాతపూర్వకంగా జవాబొచ్చింది. జూన్‌ది ఎక్కించారు గానీ చెకర్ అధికారి మారాడు, కొత్తాయన పేరు మీద లాగిన్ తీసుకోలేదు. ముందుది పెండింగ్‌లో ఉందని ఆ తర్వాతి నెలలవి ఎక్కించనే లేదు! గ్రాంటుకీ దీనికీ సంబంధమేంటి? లాగిన్ వచ్చాక అన్నీ ఒకేసారి ఆమోదించారు. జూన్, జూలై, ఆగస్టులవి 1,11,000 డిసెంబర్‌లో పడ్డాయి. మిగతా రెండు నెలలవి నిజంగానే కేంద్రం దగ్గర ఆగాయి. వాటికోసం pgportal.gov.in లో ఫిర్యాదు పెట్టింది. పెట్టేటప్పుడు యూనివర్సిటీ ఆమోదించిన తేదీలు చేతిలో ఉన్నాయి కాబట్టి "మీ యూనివర్సిటీని అడగండి" అని తిప్పి పంపే వీల్లేకుండా పోయింది.

రాతపూర్వక జవాబు ఇవ్వకపోతే అవే మూడు ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద వేయాలి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడిగితే అది సమాచారం కాదని తప్పించుకుంటారు. తేదీలు, ఫైలు కాపీ అడిగితే ఇవ్వాల్సిందే.

నాకు కోపమొచ్చేది ఇంకో చోట. ఫెలోషిప్ తీసుకుంటూ వేరే జీతం తీసుకోకూడదని నిబంధన. సరే, ఒప్పుకున్నాం. మరి వేరే సంపాదన వద్దని సంతకం పెట్టించుకుని, ఇచ్చేది అయిదు నెలలు ఆపితే ఆ పిల్ల ఏం తినాలి? ఇంటి నుంచి తెచ్చుకోమంటారా? ఆ ఇంట్లో కాఫీ గింజలు అమ్మితేనే డబ్బు. ఆలస్యానికి వడ్డీ లేదు, వడ్డీ కట్టేది మనమే.

అందుకే మనం క్యాంపస్‌లో అడగాల్సింది చిన్నదే. ఏ నెలది ఏ తేదీన మేకర్ ఎక్కించారో, చెకర్ ఏ తేదీన ఆమోదించారో ప్రతి నెలా సెక్షన్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. అధికారి మారితే లాగిన్ ఎన్ని రోజుల్లో మార్చాలో రిజిస్ట్రార్ ఉత్తర్వు ఇవ్వాలి. మీ క్యాంపస్‌లో ముగ్గురికైనా ఆగి ఉంటే విడివిడిగా తిరగకండి, ముగ్గురూ కలిసి ఒకే రోజు అర్జీలు ఇవ్వండి.