చీలమండ విరిగింది: పిండికట్టా, ఆపరేషనా?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

“డాక్టరుగారూ! మావారికి యాభై ఆరేళ్లు. పదేళ్లుగా షుగరు వ్యాధి ఉంది. నాలుగు రోజుల కిందట కొళాయి నీళ్లు పట్టి, బిందె లోపలికి తెస్తూ తడిసిన కడప బండ మెట్టుమీద జారారు. కుడికాలు చీలమండ దగ్గర బయటివైపు ఎముక విరిగిందట. ఒక డాక్టరుగారు పిండికట్టు చాలన్నారు. ఇంకొకరు ప్లేటు వేయాలన్నారు. ఇద్దరూ ఎముకల డాక్టర్లే. ఎవరి మాట నమ్మమంటారు? షుగరున్న మనిషికి ఆపరేషనంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.”

పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని ఆమెకు విడిగా ఉత్తరం రాశాను. ఇదే సందేహం చాలా ఇళ్లలో వస్తుంటుంది కనుక ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

ముందు చీలమండ ఎలా కట్టి ఉందో చూద్దాం. మోకాలి నుంచి కిందికి రెండు ఎముకలు దిగుతాయి. లోపలివైపు లావుగా ఉండేది టిబియా. బయటివైపు సన్నగా ఉండేది ఫిబులా. చీలమండకు రెండువైపులా చేతికి తగిలే గుబ్బలు ఈ రెండు ఎముకల కొసలే. ఆ గుబ్బల మధ్యన పాదం తాలూకు టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. మీ వంటింట్లో పట్టకారు ఉంది కదా! దాని రెండు చేతులూ గిన్నెను ఎలా పట్టుకుంటాయో, ఈ రెండు ఎముకలూ టాలస్‌ను అలా పట్టుకుంటాయి. పట్టకారు చేతుల్ని కలిపి ఉంచేది మధ్యనున్న సీల. ఆ సీల ఊడితే చేతులు ఎంత గట్టివైనా గిన్నె జారిపోతుంది. మన కాలిలో ఆ సీల పని చేసేవి, చీలమండకు కొంచెం పైన టిబియానూ ఫిబులానూ కలిపి బిగించే గట్టి నారలు. ఈ అతుకును సిండెస్మోసిస్ అంటారు. లోపలి గుబ్బ నుంచి పాదానికి దిగే మరో గట్టి నారపట్టీ ఉంది. దాని పేరు డెల్టాయిడ్ లిగమెంటు. అది టాలస్ బయటివైపుకు జరగకుండా ఆపుతుంది.

ఇక అసలు సంగతి. ఫిబులా ఎక్కడ విరిగిందన్నదాన్ని బట్టి ఈ సీల బాగుందో లేదో చాలావరకు ఊహించవచ్చు. బెల్జియం సర్జన్ డానిస్ 1949లో చెప్పిన ఈ పద్ధతిని తరువాత స్విట్జర్లాండ్ సర్జన్ వెబర్ సవరించి వాడుకలోకి తెచ్చారు. ఇవాళ్టికీ ఎముకల డాక్టర్లు దీనితోనే మొదలుపెడతారు.

విరుగుడు సిండెస్మోసిస్‌కు కింద, అంటే గుబ్బ కొస దగ్గర ఉంటే ఎ రకం. సీల సాధారణంగా చెక్కుచెదరదు. లోపలి గుబ్బ కూడా విరగకపోతే పిండికట్టో, పట్టీ బూటో వేసి నడిపిస్తాం. విరుగుడు సరిగ్గా సిండెస్మోసిస్ ఎత్తులో ఉంటే బి రకం. ఇందులో సీల ఊడి ఉండవచ్చు, ఊడకపోనూ వచ్చు. అన్నిటికంటే ఎక్కువగా కనబడేదీ, డాక్టర్ల మధ్య మాట తేడా వచ్చేదీ ఈ రకంలోనే. విరుగుడు సిండెస్మోసిస్‌కు పైన ఉంటే సి రకం. ఇందులో సీల తెగిందనే అనుకోవాలి. చాలావరకు ఆపరేషను తప్పదు.

“ఎముక పైకి విరిగితే చీలమండకు దూరమే కదా, మంచిదేగా?” అని అడుగుతారు. ఇక్కడే పొరబడతారు. ఇందుకు ఒక కేసు చెబుతాను.

కొన్నేళ్ల కిందట కర్నూలులో ఉండగా ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. నంద్యాల రోడ్డు మీద మోటారుసైకిలు జారి, పాదం నేలకు తన్నుకుని ఉండగానే ఒళ్లంతా పక్కకు తిరిగిందట. అంతకుముందే ఒకచోట చీలమండకు ఎక్స్‌రే తీసి, “ఎముక విరగలేదు, బెణుకే” అన్నారు. ఇంట్లోవాళ్లు పసరు కట్టు కట్టి, నూనె పెట్టి తోమారు. తొమ్మిదో రోజుకీ కాలు నేలమీద ఆనడం లేదు.

“నొప్పెక్కడ నాయనా?” అన్నాను.

“చీలమండ లోపలివైపు సార్. మోకాలి కింద కూడా కొంచెం లాగుతోంది. అది పడినప్పటి దెబ్బేలే అని చెప్పలేదు” అన్నాడు.

మోకాలికి కాస్త కింద బయటివైపు ఫిబులా మీద వేలితో నొక్కాను. కెవ్వుమన్నాడు. పాత ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాను. విరుగుడు లేని మాట నిజమే. కాని లోపలి గుబ్బకూ టాలస్‌కూ మధ్య నల్లటి ఖాళీ 7 మిల్లీమీటర్లుంది. అది మామూలుగా 4 మిల్లీమీటర్లు దాటకూడదు. టాలస్ పైనున్న ఖాళీ కంటే వెడల్పుగా కూడా ఉండకూడదు. టిబియాకూ ఫిబులాకూ మధ్య ఖాళీ, కీలుకు ఒక సెంటీమీటరు పైన కొలిస్తే, 6 మిల్లీమీటర్లలోపు ఉండాలి. ఇతనికి 8 ఉంది. మోకాలి నుంచి పాదం దాకా ఎక్స్‌రే తీయించాను. ఫిబులా మోకాలికి దగ్గరగా మెలితిరిగి విరిగి ఉంది. ఫ్రెంచి సర్జన్ మేజన్నవ్ 1840లో వర్ణించిన దెబ్బ ఇది. పాదం మెలిపడ్డ బలం లోపలి లిగమెంటును తెంపి, సిండెస్మోసిస్‌ను చీల్చుకుంటూ, రెండెముకల మధ్య పైకి పాకి, చివరకు మోకాలి కింద ఎముకను విరిచి బయటపడింది.

మా సర్జన్ ఆ విరిగిన ఎముకను ముట్టుకోలేదు! అక్కడ పాదాన్ని పైకెత్తే నరం ఎముకను చుట్టుకుని పోతుంది. పైగా ఆ విరుగుడు దానంతటదే అతుక్కుంటుంది. ఆయన విరగని చీలమండకు ఆపరేషను చేసి, ఫిబులాను సరైన పొడవుకూ దాని చోటుకూ తెచ్చి, రెండు స్క్రూలతో టిబియాకు బిగించారు. “విరిగిందొకచోట, కోసిందొకచోట” అని తండ్రిగారు కోపగించుకున్నారు. పట్టకారు సంగతి చెప్పాక శాంతించారు. ఆరు వారాలు ఆ కాలుమీద బరువు మోపనివ్వలేదు. పసరు కింద చర్మం పొక్కినందువల్ల ఆపరేషను మరో వారం వెనక్కు జరిగింది. ఇప్పుడు మామూలుగా నడుస్తున్నాడు.

ఆపరేషను లేకుండా వదిలేస్తే? కొన్నాళ్లకు నొప్పి తగ్గేది, నడిచేవాడు కూడా. కాని టాలస్ పక్కకు జరిగే ఉండేది. అది ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే ఎముకల మధ్య ఆనుకునే చోటు 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే పరిశోధకులు కొలిచి చూపారు. ఒంటి బరువంతా మిగిలిన కాస్త చోటుమీద పడి, మృదులాస్థి అరిగి, కొన్నేళ్లలో కీలు చెడుతుంది. పిండికట్టు ఎంత బాగా వేసినా, నాటు కట్టు ఎంత చేయి తిరిగినవారు కట్టినా, కాలు వాపు తీయగానే లోపల ఎముక మళ్లీ జారుతుంది. తెగిన సీలను పైనుంచి కట్టిన కట్టు ఎన్నాళ్లో పట్టి ఉంచలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరు సోదరి ప్రశ్నకు వస్తాను. మీవారిది మీరు రాసిన దాన్ని బట్టి బి రకంలా తోస్తోంది. ఇద్దరు డాక్టర్లలో ఎవరిదీ తప్పని నేననను. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో టాలస్ చోటులోనే కనబడుతుంది. బరువు పడితే నిలుస్తుందా, జరుగుతుందా అన్నది అందులో తెలియదు. లోపలివైపు నొక్కితే నొప్పి ఉన్నంత మాత్రాన లిగమెంటు పూర్తిగా తెగిందని కూడా చెప్పలేం. అందుకని వారం తిరిగేసరికి, కట్టు విప్పి, ఓర్చుకోగలిగినంత బరువు ఆ కాలుమీద మోపి నిలబెట్టి, పాదం కొద్దిగా లోపలికి తిప్పి ఎక్స్‌రే తీస్తాం. లోపలి ఖాళీ 4 మిల్లీమీటర్లలోపే ఉంటే సీల బాగానే ఉన్నట్టు. బూటో, పిండికట్టో వేసి నడిపిస్తాం. సుమారు ఆరు వారాలు చాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ ఎక్స్‌రే చూసుకోవాలి. నిలబడగానే ఖాళీ పెరిగితే మాత్రం ప్లేటు వేయక తప్పదు. ప్లేటు వేశాక అదే బల్లమీద ఫిబులాను కొక్కెంతో లాగి చూస్తారు. అప్పటికీ ఎడమైతే సిండెస్మోసిస్‌కు కూడా స్క్రూ వేస్తారు.

షుగరు సంగతి. షుగరున్నవారికి గాయం మానడం ఆలస్యం, చీము పట్టే భయం ఎక్కువ. అందుకే స్థిరంగా ఉన్న విరుగుడుకు ఆపరేషను అక్కర్లేదు. అలాగని జారిపోయే విరుగుడును షుగరు పేరుతో వదిలేస్తే ఇంకా పెద్ద నష్టం. అరికాళ్లు మొద్దుబారినవారికి నొప్పి తెలియదు. నొప్పి లేదని నడుస్తూ కీలునే పొడిచేసుకుంటారు. కాబట్టి మీవారి అరికాలికి స్పర్శ ఉందో లేదో డాక్టరుగారిని తప్పక చూడమనండి. స్పర్శ లేకపోతే కట్టయినా, బరువు మోపకుండా ఉండటమయినా మామూలువారికంటే దాదాపు రెట్టింపు కాలం కావాలి.

ఒకవేళ ఆపరేషనన్నా, వాపు దిగేదాకా వారం పది రోజులు ఆపితే డాక్టరు జాగు చేస్తున్నారనుకోకండి. ఉబ్బిన చర్మాన్ని కోస్తే కుట్లు పట్టవు. చర్మం మీద సన్నటి ముడతలు కనబడటమే మాకు గుర్తు. అందాకా కాలు గుండెకంటే ఎత్తులో పెట్టుకోవాలి. నూనె తోమడం, పసర్లు పూయడం వద్దు.

మిగిలిన పాఠకులకు ఒక మాట. కాలు మడతపడితే ఎక్స్‌రే అవసరమా అన్నది ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. నాలుగడుగులు వేయలేకపోయినా, రెండు గుబ్బల వెనక అంచున కొసనుంచి నాలుగు వేళ్ల ఎత్తుదాకా ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, ఎక్స్‌రే తీయించాలి. అలాగే మోకాలి కింద బయటివైపు కూడా ఒకసారి నొక్కి చూడండి. అక్కడ నొప్పి ఉంటే డాక్టరుగారితో ఆ మాట మీరే చెప్పండి. పాదం వంకర తిరిగినా, చర్మం తెల్లబడి సాగినా, ఎముక దగ్గర గాయమై రక్తం కారుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. అవి ఆ గంటలోనే ఆస్పత్రికి చేరవలసిన కేసులు.