మూర్ఛ సంగతి ఎప్పుడు చెప్పవలె?

అయ్యా,

మూర్ఛవ్యాధి ఉన్న పిల్లకు సంబంధం కుదిర్చేటప్పుడు మా తిరుత్తణి వైపు తెలుగు కుటుంబాలలో పెద్దలు సాధారణంగా “ముందు మూడు ముళ్లూ పడనీయండి, తర్వాత చూచుకుందాం” అంటారు. ఈ సలహా ఫలితం మా బంధువులలోనే చూచాను గనుక వ్రాస్తున్నాను.

ఆ పిల్లకు పదమూడవ యేట ఫిట్సు మొదలైనవి. రెండు పూటలా మాత్ర వేసుకుంటూ ఉంటే రెండేండ్లు ఒక్కసారి కూడా రాలేదు. వరుని వారికి చెప్పకుండానే పెండ్లి చేశారు. మాత్రలు ఎవరి కంటనైనా పడతాయని ఆమె వాటిని పుట్టింటనే విడిచి వెళ్లింది. పెండ్లి సందడిలో రెండు రాత్రులు నిద్ర లేదు. మూడవనాడు అత్తవారి వంటింట పడిపోయింది. మాత్ర హఠాత్తుగా మానడం, నిద్ర చాలకపోవడం, ఈ రెండూ మూర్ఛను రప్పించేవే గదా! అంటే రోగం కన్న దాపరికమే ఆమెను పడవేసిందనవలె. ఏమీ తెలియని అత్తవారు చేతిలో తాళాలగుత్తి పెట్టి, పండ్ల మధ్య చెంచా దూర్చారు. ఆరు నెలలకు ఆ కాపురం ముగిసింది.

హిందూ వివాహ చట్టంలో 1976లో మూర్ఛను పెండ్లికి అడ్డంకిగా చేర్చారు. 1999లో ఆ మాట తీసివేశారు. కాని ముఖ్యమైన విషయంలో మోసం చేసి సమ్మతి పొందితే, అది బయటపడిన యేడాదిలోగా వివాహం రద్దు కోరే వీలు పన్నెండవ సెక్షనులో నేటికీ ఉన్నది. పెద్దలు ఇది గమనించరు.

రెండవ సంబంధం నగరి నుండి వచ్చింది. జాతకాలు కుదిరిన తర్వాత, తాంబూలాలకు ముందు, ఒక బంధువు ఇంట అబ్బాయితో పిల్లే మాట్లాడింది. మధ్యవర్తికి చెప్పలేదు, చెబితే ఊరంతా చెప్పినట్లే. “నాకు ఫిట్సు ఉన్నాయండీ. కడపట వచ్చి యేడాదిన్నర అయింది. రోజూ మాత్ర వేసుకోవాలి. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆలోచించుకొని చెప్పండి” అన్నది. ఏడవలేదు, బ్రతిమాలలేదు. డాక్టరు వ్రాసిచ్చిన కాగితం చూపింది. నగరివారు వద్దన్నారు. పోయినదేమి? రెండు కాఫీలు!

మూడవ అబ్బాయి పిల్లల మాట అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మూర్ఛ ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే కలుగుతారు. అయితే వాల్‌ప్రోయేట్ వంటి మందు గర్భంలోని శిశువుకు హాని చేయగలదు గనుక, గర్భానికి ముందే డాక్టరు మందును మార్చవలసి రావచ్చు; తమంతట తాము మానరాదు. ఆ అబ్బాయి పిల్లతో కలిసి డాక్టరు వద్దకు వెళ్లి ఇది స్వయంగా విన్నాడు. వారం గడిచాక ఒప్పుకొని, తన తల్లిదండ్రులకు తానే చెప్పాడు. తాంబూలాలు ఆ తర్వాతనే మార్చుకున్నాము.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
కే.జీ.కండిగై