డ్రిల్లు పీరియడ్‌లో కదలిక ఎంతసేపు?

పాఠశాల విద్యకు 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, వ్యాయామ విద్యను గణితం, సైన్సుల పక్కన ఒక పాఠ్యాంశంగా కూర్చోబెట్టింది. దాని మీద పీఈటీలకు ఒకరోజు శిక్షణ పెడుతున్నామని, ఏం చెప్పమంటారని అడిగేవాళ్లు ఉంటారు. చెప్పేది తగ్గించి స్టాప్‌వాచీలు తెప్పించండి అంటాను. పొద్దుటంతా స్లైడ్లు చూపిస్తే మారేది లెసన్‌ప్లాన్‌లోని మాటలే. మైదానంలో మళ్లీ అదే లైను, అదే సావధాన్–విశ్రామ్.

ఇది చిన్న సంగతి కాదు. బడి ఈడు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒంటికి పని పెట్టే కదలికలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు తీసి 2019లో ప్రకటించారు. 11–17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి అంత కదలిక లేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85 శాతం. ఇంటి దగ్గర ఆడుకునే వీలు లేని అమ్మాయికి ఆ పీరియడ్ ఒక్కటే మిగులుతుంది. అందులోనూ నిలబెడుతున్నామా?

కాగితం మీద లెక్క వేద్దాం. ఏడో తరగతిలో 40 మంది. పాఠం బంతి విసరడం, పట్టుకోవడం. 40 నిమిషాల పీరియడ్‌లో హాజరుకు, వరసలకు, అంకెల మీద చేసే కసరత్తుకు 20 నిమిషాలు పోయాయి. మిగిలిన 20 నిమిషాలకు రెండు బంతులు, 20 మంది చొప్పున రెండు లైన్లు. ఒక్కో వంతుకు 20 సెకన్లు పడితే ఒక లైనులో 60 వంతులు వస్తాయి. అంటే పిల్లకు మూడు. బంతితో గడిపింది ఒక్క నిమిషం, నిలబడింది 19 నిమిషాలు. దూరం నుంచి చూసే హెడ్మాస్టరుకు మాత్రం పీరియడ్ ముచ్చటగా, క్రమశిక్షణగా కనిపిస్తుంది.

శిక్షణలో మొదటి పని ఈ పాఠాన్ని టీచర్ల చేతే ఆడించడం. ఇక్కడో చిక్కుంది. 20 మంది టీచర్లను రెండు లైన్లు చేస్తే ఒక్కొక్కరికి ఆరు వంతులు వచ్చి, నష్టం తగ్గి కనిపిస్తుంది. ఒకే లైను, ఒకే బంతి ఇవ్వండి. మిగతా టీచర్లు పరిశీలకులు. 1991లో మెకంజీ బృందం ప్రకటించిన పద్ధతి ఇందుకు సరిపోతుంది: 10 సెకన్లు చూడాలి, 10 సెకన్లలో రాయాలి. పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం, అంతకు మించిన శ్రమ – అయిదు గడులు. ఎవరిని చూడాలో ముందే చీటీ తీసి తేల్చుకోవాలి. లేకపోతే కళ్లు బాగా ఆడేవాళ్ల మీదికే పోతాయి, లెక్క తప్పుతుంది.

తర్వాత అదే పాఠాన్ని నలుగురేసి జట్లతో నడపాలి. ముగ్గుతో ఎనిమిది అడుగుల చదరాలు గీసి, జట్టుకో బంతి ఇస్తే ముగ్గురు అందించుకుంటారు, ఒకరు అడ్డుకుంటారు. బంతులు చాలకపోతే గుడ్డపీలికలు కుట్టిన బంతి చాలు. చదరాల మధ్య మూడడుగుల ఖాళీ లేకపోతే గుద్దుకుంటారు. చురుకైనవాడు బంతి వదలకపోతే, ముగ్గురి చేతా పడ్డాకే పాయింటు అని నియమం పెట్టాలి. మళ్లీ 20 నిమిషాలు కొలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. పీరియడ్‌లో సగం కాలం నడక, ఆపై గడుల్లో ఉండాలన్నది అమెరికా ఆరోగ్య సంస్థల ప్రమాణం. వాచీ లేనిచోట పిల్లలతో మాట్లాడితే తెలుస్తుంది. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే శ్రమ చాలినట్టు.

ఇక్కడ సీనియర్ టీచర్లు ఒకమాట అంటారు: “పది బంతులు వదిలితే తరగతి చేతిలో ఉండదు.” ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయకూడదు. డ్రిల్లులో దాచుకోవలసింది కూడా అదే. విజిల్ ఒక్కసారి మోగితే బంతి నేల మీద, కాలు దాని మీద. మొదటి వారం ప్రతి పీరియడ్‌లో రెండు మూడు నిమిషాలు దీన్నే సాధన చేయించాలి. అవుటైనవాళ్లు పక్కన కూర్చునే ఆటలకు మాత్రం చోటివ్వను. ఆట రానివాళ్లే ముందు అవుటవుతారు.

నెల తర్వాత శిక్షకుడు అదే కాగితంతో బడికి వెళ్లాలి. నిలబడే గడి మళ్లీ నిండి ఉంటే టీచర్ని అనే ముందు బీరువా తెరిపించాలి. స్టాక్ రిజిస్టరులో బంతి తగ్గితే సంజాయిషీ తనదని తెలిసిన మనిషి రెండే బయటికి తీస్తాడు. అందుకే శిక్షణ చివరి అరగంటకు హెడ్మాస్టర్లను పిలిపించి, ఆడి చిరిగిన బంతుల్ని రిజిస్టరులోంచి తీసేసే బాధ్యత తమదని అక్కడే రాయించుకోవాలి.