అరవయ్యో నెల సంగతి అడిగారా?

ఆదివారం మా మేనల్లుడు కారు షోరూము నుంచే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎనిమిది లక్షల లోనుకి నెలకి రూ.12,364 కడితే చాలట. మామూలు లోనైతే రూ.16,607. సంతకం పెట్టేస్తున్నా" అన్నాడు. ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. రెండింటికీ వడ్డీ 9 శాతమే, గడువు ఐదేళ్లే. కానీ అరవయ్యో వాయిదాతో పాటు రూ.3,20,000 ఒక్కసారే కట్టాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

బెలూన్ లోను అంటే ఇదే. ఎనిమిది లక్షల్లో 4,80,000 మాత్రమే నెలనెలా తీరుతుంది. మిగతా 3,20,000 అసలు కదలదు, దాని మీద వడ్డీ మాత్రం నెలకి 2,400 చొప్పున కడుతూనే ఉండాలి. ఊళ్లో నోటు రాసి, ఏటా వడ్డీ ఇచ్చి, అసలు అలాగే ఉంచుకున్నవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. మామూలు లోనులో మొత్తం వడ్డీ సుమారు 1,96,000. ఇందులో 2,62,000. అంటే 65,000 పైనే అదనం.

అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. ఐదేళ్లకి మూడు లక్షల ఇరవై వేలు చేతిలో లేకపోతే నోటు తిరగరాయాల్సిందే. అప్పటికది పాత కారు, పాత కారు లోనుకి వడ్డీ ఎక్కువ. 14 శాతానికి మూడేళ్లు తీసుకుంటే నెలకి దాదాపు రూ.10,937 కట్టాలి, మరో 74,000 వడ్డీ. పంట మీదో పదవీ విరమణ మీదో డబ్బు కచ్చితంగా వచ్చేవాళ్లకి ఈ పద్ధతి పనికొస్తుందేమో. నెల జీతగాడికి పనికిరాదు.

మధ్యలో కారు పోతే? మూడేళ్లకి మామూలు లోనులో బాకీ 3,64,000 ఉంటే, ఇందులో 5,38,000 ఉంటుంది. తొమ్మిది లక్షల కారుకి నాలుగో ఏట 40 శాతం తరుగు తీసేస్తే బీమా విలువ 5,40,000. ఆ డబ్బు ముందు బ్యాంకుకే వెళుతుంది. మనకి మిగిలేది రెండు వేలు.

ఇక నా పాత కోపం. అప్పు వివరాలన్నీ ఒక పత్రంలో రాసి ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని, విప్పి చెప్పి సంతకం తీసుకోవాలని 2024లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మావాడికి ఇచ్చిన కాగితంలో ఒక్క తెలుగు అక్షరం లేదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాడి చేత ఇరవై పేజీల ఇంగ్లీషు మీద సంతకాలు పెట్టించుకోవడం అన్యాయం. ఇది ఒక్క షోరూములో జరిగేది కాదు.

వడ్డీ శాతం చూస్తే ఈ తేడా తెలియదు, రెండిట్లోనూ తొమ్మిదే. సంతకానికి ముందు వాయిదాల పట్టిక తెలుగులో అడగండి. చివరి వరస చదవండి. అన్ని వాయిదాలూ ఆ వరసా కలిపి కూడండి. మావాడు కూడి చూసుకుని, కాగితం అక్కడే వదిలేసి వచ్చేశాడు.