చీరాల చీరకు ఇయర్ ఎండ్ సేల్ ఎందుకు?

డిసెంబరు రెండో వారం నుంచి ఫోన్ తెరిస్తే చాలు, యాభై శాతం, డెబ్బై శాతం అంటూ పెద్ద కంపెనీల తగ్గింపులు వరుస కడతాయి. వాటి వెనకే, కాస్త బెరుగ్గా, చీరాల నుంచో వేటపాలెం నుంచో ఓ చిన్న వ్యాపారి వాట్సాప్ మెసేజ్ వస్తుంది: ‘ఇయర్ ఎండ్ సేల్, కుప్పడం చీరలపై 10 శాతం తగ్గింపు, త్వరపడండి’. ఈ వ్యాపారికి వెబ్‌సైట్ లేదు. శని, ఆదివారాల్లో వాడరేవు బీచ్‌కి వచ్చినవాళ్లు తిరిగి వెళ్తూ చీరాలలో ఆగుతారు. రెండు చీరలు కొని నంబరు ఇచ్చి పోతారు. ఆ నంబర్ల జాబితాయే అతని ఆన్‌లైన్ దుకాణం.

పది శాతం మెసేజ్‌తో అతను పెద్దవాళ్లతో పోటీ పడలేడని అందరికీ తెలుసు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ తగ్గింపు ఫలించినా అతనికి నష్టమే.

ఒక లెక్క వేసి చూద్దాం. చీర అమ్మకం ధర మూడు వేలు. మాస్టర్ వీవర్‌ దగ్గర కొన్నది 2,200కి. ప్యాకింగ్, కొరియర్, చిల్లర ఖర్చులు 150. మిగిలేది 650. పది శాతం తగ్గిస్తే 300 పోయి 350 మిగులుతుంది. మునుపటి రాబడి నిలవాలంటే దాదాపు రెట్టింపు చీరలు అమ్మాలి. ఇరవై శాతం తగ్గిస్తే చీరకు మిగిలేది యాభై రూపాయలు. అప్పుడు ఒకటికి పదమూడు అమ్మితే గానీ పాత రాబడి రాదు. ఫ్యాక్టరీ సరుకైతే పదమూడు రెట్లు తెప్పించుకోవచ్చు. కుప్పడం చీర మగ్గం మీదనుంచి దిగాలంటే డిజైన్‌ను బట్టి మూడు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. సేల్ పెట్టామని నాడె వేగంగా కదలదు. గిరాకీ పెరిగినా సరుకు పెరగదు. అంటే ఎలాగూ అమ్ముడయ్యే చీరనే తక్కువకు అమ్మినట్టు.

తగ్గింపు మనకు కొత్త కాదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కొనేవాళ్లుండరు, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి కాబట్టి బట్టల కొట్లు పాత సరుకును తగ్గించి వదిలించుకోవడం మన బజార్లలో ఏళ్లుగా ఉన్నదే. దానికో అర్థం ఉంది, కొట్లో పేరుకుపోయిన సరుకు ఖాళీ కావాలి. బీరువాలో పది పన్నెండు చీరలకు మించి లేనివాడికి ఖాళీ చేయాల్సిందేముంటుంది?

పెద్ద తగ్గింపుల భారం ఎవరు మోస్తారన్నది విడిగా రాయాల్సిన సంగతి. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు సరుకు ధరను ప్రభావితం చేయకూడదని కేంద్రం 2018 డిసెంబరులో ఇచ్చిన ప్రెస్‌నోట్ 2 చెబుతోంది. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. అయినా సేల్ రోజుల్లో తగ్గింపులో చాలా భాగాన్ని ఆ వేదికల మీద అమ్ముకునే చిన్నవాళ్లే తమ మార్జిన్‌లోంచి కోసి ఇస్తారు. కొన్నిచోట్ల అదీ ఉండదు, ముందు ఎమ్మార్పీని ఆకాశంలో పెట్టి తర్వాత కిందికి దించుతారు. మూడు వేలు కొట్టేసి ఐదు వందలకు చూపించే పాలిస్టర్ చీర ఏనాడూ మూడు వేలకు అమ్ముడుపోలేదు.

మరి చిన్న వ్యాపారి డిసెంబరులో మెసేజ్ పెట్టకూడదా? పెట్టాలి. అయితే అతను శాతాల బదులు పంచాంగం చూసి రాయాలి. ఈ తీరంలో క్రిస్మస్‌కి కొత్త బట్టలు కొనే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు 25వ తేదీ కంటే ముందే చీర చేరాలి. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లిళ్లు ఉండవు. పండగ దాటాక మాఘంలో మళ్లీ ముహూర్తాలు మొదలవుతాయి. మాఘంలో పెళ్లి పెట్టుకున్న ఇల్లు డిసెంబరులో చీర చెబితేనే అప్పటికి నేత పూర్తవుతుంది. బేరం చల్లబడిన నెలలో మగ్గానికీ పని దొరుకుతుంది. సంవత్సరాంతాన ఈ వ్యాపారి దగ్గర పెద్ద కంపెనీ దగ్గర లేనిది ఇదొక్కటే: ఇంకా నేయని చీరను మీ కోసం నేయించి ఇవ్వగలడు.

నన్నడిగితే ఆ మెసేజ్ ఇలా ఉండాలి:

‘నమస్కారమండీ. ఈ నెల మా దగ్గర తగ్గింపు లేదు. ఇప్పుడున్న ధరే సంక్రాంతికీ ఉంటుంది. సిద్ధంగా పదకొండు కుప్పడం చీరలున్నాయి. పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పంపుతాం. వీడియో కాల్ చేస్తే అంచు, పల్లూ, వెనక వైపు తిప్పి చూపిస్తాం. క్రిస్మస్‌కి కావాలంటే 15లోపు చెప్పండి. మాఘం పెళ్లిళ్లకు నేయించాలంటే ఇప్పుడు చెబితే జనవరి నెలాఖరుకు ఇస్తాం. వాన పడితే వారం ఆలస్యం కావచ్చు, ఆ సంగతి ముందే ఫోన్ చేసి చెబుతాం. ఫాల్, పీకో వేయించమంటే ఖర్చు మాదే. అలా వేయించిన చీరను నేతలో లోపం ఉంటేనే వెనక్కి తీసుకుంటాం. వేయించనిదైతే ఏడు రోజుల్లో పంపేయండి, డబ్బు వాపసు ఇస్తాం.’

ఇందులో ‘నాణ్యత’ అన్న మాట లేదు, ‘నమ్మకం’ అన్న మాటా లేదు. ఆ రెండూ పెద్దవాళ్ల ప్రకటనల్లోనూ ఉంటాయి గనక వాటితో తేడా తెలియదు. ఇక్కడున్న ప్రతి వాక్యం కొనేవాళ్లు సరిచూసుకోగలిగింది. వెనక వైపు చూపిస్తామనడమే తీసుకోండి. కుప్పడం నేతలో అంచుకూ బాడీకీ వేర్వేరు పేకలు నడుస్తాయి, రెండూ కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిక పడతాయి. చీర తిరగేస్తే ఆ కలయిక గీత కనబడుతుంది. మరమగ్గం నకలులో సాధారణంగా అది ఉండదు. అంచు పొడవునా సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాలుంటే చేనేతే అని చాలామంది అంటారు. అదొక్కటి చూసి తేల్చేయకూడదు, మరమగ్గం బట్ట మీదా అలాంటి గుర్తులు పడవచ్చు. దారం సంగతి అనుమానమైతే కొసన వేలాడే పోగొకటి కాల్చి చూడమని వ్యాపారే చెప్పవచ్చు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన, నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. ఈ పరీక్ష చెప్పిన వ్యాపారి మీద కొనేవాళ్లకు ఎంత గురి కుదురుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వాన మాటను కొందరు వ్యాపారులు తీసేయమంటారు, గిరాకీ చెడుతుందని. ఉంచాలనే నేనంటాను. ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నవి గుంట మగ్గాలు. నీరు ఊరితే నేత ఆగిపోతుంది, ముసురు పట్టినా రంగు వేసిన నూలు ఆరదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సంవత్సరాంతం అంటే ఈ ప్రాంతంలో తుపాన్ల కాలం కూడా. తేదీ చెప్పి మాట తప్పడం కంటే ఆలస్యం కావచ్చని ముందే చెప్పడం మేలు.

నేయించి ఇస్తామనడంలోనూ ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. పడుగు ఒక చీరకని పెట్టరు. ఒక పడుగు మీద వరుసగా కొన్ని చీరలు దిగుతాయి. కాబట్టి ‘మీరు ఏ రంగు కోరితే ఆ రంగు’ అనడం అబద్ధం. మగ్గం మీద ఉన్న పడుగు రంగులేవో చెప్పి, పేక మార్చితే ఏ ఛాయ వస్తుందో చిన్న ముక్క నేయించి ఫొటో పంపడం చేయగలిగిన పని. ఇక ఫాల్ దగ్గర వచ్చే తగాదా ఆన్‌లైన్‌లో చీరలమ్మే ప్రతి ఒక్కరికీ తెలుసు. కుట్టు పడ్డాక రంగు నచ్చలేదని వెనక్కి పంపితే ఆ చీరను కొత్తదిగా అమ్మలేరు. అందుకే వీడియో కాల్‌లో చూసి సరేనన్నాకే సూది పెట్టాలి. ఉచిత సేవ అని ముందు ఊరించి తర్వాత షరతు చెబితే మంచి పేరు కాస్తా పోతుంది.

‘త్వరపడండి, రెండే మిగిలాయి’ అన్న వాక్యం ఎందుకు లేదంటే, అది నిజం కాకపోతే ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకోదు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల జాబితాలో లేని తొందరను సృష్టించడమే మొదటిది. ఆ నిబంధన వేదికలకే కాదు, అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. నిజంగానే పదకొండు ఉంటే పదకొండని రాయాలి. నాలుగు అమ్ముడయ్యాక ఏడని మార్చాలి.

‘నేతన్నను ఆదుకోండి’ అన్న మాట కూడా కావాలనే వదిలేశాను. చాలామంది చిన్న వ్యాపారులు నేతగాళ్లు కారు, మాస్టర్ వీవర్‌ దగ్గర కొని అమ్మేవాళ్లు. తమది కాని కష్టాన్ని చూపి జాలి అడగడం బాగుండదు. జాలితో కొన్నవాళ్లు ఒక్కసారే కొంటారు. కూలీ ఎంత ముడుతుందో చెప్పగలిగితే చెప్పాలి, లేదంటే ఊరుకోవాలి.

ఈ సేవలకూ ఖర్చుంది. పది నిమిషాల వీడియో కాల్, తిప్పి మడత పెట్టడం, ఫాల్ కుట్టే మనిషికి ఇచ్చే డబ్బు, అన్నీ ఆ 650లోంచే పోవాలి. అందుకే అందరికీ అన్నీ ఇవ్వలేడు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక జాబితాకు 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. వ్యాపారులు దీన్ని లోటుగా చూస్తారు. కానీ నంబరు సేవ్ చేసుకున్నారంటే వాళ్లు ఇంతకుముందు ఇతని చీర కట్టి చూసినవాళ్లో, కట్టిన మనిషిని చూసినవాళ్లో అయ్యుంటారు. నెలకు పాతిక చీరలమ్మే వ్యాపారికి అంతకంటే పెద్ద బజారు అక్కర్లేదు.

ఈ మెసేజ్ అందరికీ పనికిరాదు. సూరత్ నుంచి మరమగ్గం సరుకు తెచ్చి చీరాల పేరుతో అమ్మేవాడు ఇందులో ఒక్క వాక్యం కూడా రాయలేడు. అతనికి మిగిలింది ధర ఒక్కటే, ఆ ఆటలో ఎప్పుడూ పెద్దవాళ్లదే గెలుపు. ఐదు వందల్లో చీర కావాలనుకునే ఇల్లాలికీ ఈ మెసేజ్‌తో పని లేదు. ఆమెను తప్పుపట్టాల్సిందేమీ లేదు, ఇంటి బడ్జెట్ ఆమెది.

ప్రభుత్వం వైపు నుంచి ఒకటి అడగాలి. చేనేతకు రిబేటు ఇవ్వడం పాత పద్ధతి. సంఘాలు ముందు తగ్గించి అమ్మడం, ఆ సొమ్ము సర్కారు నుంచి ఆలస్యంగా రావడం పాత తలనొప్పి. పైగా రిబేటు వచ్చేదాకా ఆగే అలవాటు కొనేవాళ్లకు పట్టుకుంది. ఆ డబ్బులో కొంత చీరాల, వేటపాలెం, జాండ్రపేటల్లో హ్యాండ్లూమ్ మార్క్ లేబుళ్లు చిన్న వ్యాపారి చీరల దాకా చేరేలా చూడటానికి ఖర్చు పెట్టొచ్చు. 2006 నుంచి ఉన్న ముద్రే అది. మరికొంత, మరమగ్గం చీరను చేనేతగా అమ్మేవాళ్ల మీద తనిఖీలకు పెట్టొచ్చు. కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం ఉండనే ఉంది. ఆ చట్టం కింద బజారులో తనిఖీ చేసే అధికారి డిసెంబరులో ఫోన్ తెరిచి ఆన్‌లైన్ సేల్ పేజీలు కూడా చూడాలి.