ఆషాఢంలో శ్రావణ శుభాకాంక్షలు

2025 జులై 14, సోమవారం. ముందురోజే సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి బోనాలు. బోనాలంటే ఆషాఢమని మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. అయినా ఆ పొద్దున సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో ‘శ్రావణ మాస తొలి సోమవారం శుభాకాంక్షలు’ తిరిగాయి. చదివాం, దండం పెట్టిన బొమ్మ పెట్టాం, పదిమందికి పంపాం.

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్‌లలో పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షానికి ఇద్దరమూ ఒకే నెల పేరు చెబుతాం. బహుళపక్షం వచ్చేసరికి వాళ్లు ఒక పేరు ముందుంటారు. గురుపౌర్ణమి జులై 10న అయింది, మర్నాటి నుంచే వాళ్లకు సావన్. మనకు మాత్రం జులై 14 ఆషాఢ బహుళ చవితి. శ్రావణం 25న మొదలైంది, తొలి సోమవారం 28న వచ్చింది. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. ఆ హిందీ సందేశాన్ని తెలుగులోకి మార్చినవాళ్లు మాటలు మార్చారు, తేదీ అలాగే ఉంచారు. పంచుకున్న మనం పంచాంగం తెరవలేదు.

ఉన్, ఉధనా, సచిన్‌ల చుట్టుపక్కల మిల్లుల్లో అన్ని రాష్ట్రాలవాళ్ల మధ్య పనిచేస్తాం కాబట్టి కలగాపులగం తప్పదని సర్దిచెప్పుకుంటాం. ఆ సాకు నిలవదు. గుజరాతీలదీ అమావాస్య లెక్కే. వాళ్ల శ్రావణం కూడా 25నే మొదలైంది. పక్కింటి బెన్‌ను అడిగినా సరిపోయేది. అయితే గుజరాతీలను గుడ్డిగా అనుసరించినా చిక్కే: వాళ్ల నాగపంచమి శ్రావణ బహుళ పంచమి, మనది శుద్ధ పంచమి.

దేవుడి బొమ్మల దగ్గర మన నిర్లక్ష్యం ఇంకా బాధిస్తుంది. ఆగస్టు 8న, పౌర్ణమికి ముందు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. కలశానికి పసుపు కుంకుమలు పెట్టి, చేతికి తోరం కట్టుకునే పూజ. దానికి లక్ష్మీ గణపతి సరస్వతులు ముగ్గురూ కూర్చున్న చిత్రం పంపుకుంటాం. అది ఉత్తరాది దీపావళి పూజ పటం. కింద రాసిన మాటలేమో ధనత్రయోదశివి. ఇక్కడే పుట్టిన మన పిల్లలు వ్రతం చూసింది తక్కువ, ఫోన్‌లో చూసింది ఎక్కువ. వాళ్లకు మనం అప్పగిస్తున్నది ఈ అతుకుల బొంతనే.

సరిచూడటానికి పండితుడు అక్కర్లేదు. నెల పేరున్న సందేశం వస్తే, పౌర్ణమి దాటిందా అని గోడమీది తెలుగు క్యాలెండర్ చూడండి. దాటి ఉంటే ఆ పేరు మనదో కాదో అక్కడే తేలుతుంది. తప్పయితే పంపినవాళ్లకు విడిగా, మర్యాదగా చెప్పండి. గుంపులో ఊరుకుని మరొకరికి పంపడం మాత్రం ఇక మానేద్దాం.